మౌల్డ్ ఛేంజ్ టైమ్ తగ్గించారు సరే, ఆ లాభాన్ని మీటింగ్‌లో ఎలా చూపించాలి?

“ఈ 2,70,000 ఏ ఖాతాలో తగ్గింది?”

నేను మొదటిసారి ఒక ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్‌ని మేనేజ్‌మెంట్ ముందు పెట్టినప్పుడు ఏడాదికి ఆదా అని నేను చూపించిన మొత్తం గురించి ఫైనాన్స్ మేనేజర్ గారు అడిగిన ప్రశ్న ఇది. నా దగ్గర జవాబు లేదు. పని నిజంగానే బాగుపడింది. మెషిన్ ఆగే సమయం దాదాపు సగానికి తగ్గింది, షాప్ ఫ్లోర్‌లో అందరికీ అది కళ్లారా కనిపిస్తోంది. అయినా ఆ ఒక్క అంకె నిలబడకపోయేసరికి మిగతా అంకెలను కూడా అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. టీమ్ రెండు నెలలు పడిన కష్టం అరగంటలో పలచబడిపోయింది.

అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ చోటు డబ్బు లెక్కకే ఇస్తున్నాను. ఉదాహరణగా ప్లాస్టిక్ ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషిన్‌ మీద మౌల్డ్ ఛేంజ్, అంటే ఒక అచ్చు విప్పి ఇంకోటి బిగించే పని, తీసుకుందాం. మీ పని ప్యాకింగ్ అయినా, ప్రెస్ షాప్ అయినా లెక్క నడిచే దారి ఇదే. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, కరెన్సీ మీదేదైతే అది అనుకోండి.

మొదట, గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాయండి

పోల్చి చూపించే ముందు మీరు కొలిచింది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పాలి. మౌల్డ్ ఛేంజ్‌కి సరైన కొలత ఇది: పాత మౌల్డ్‌తో వచ్చిన చివరి మంచి పీస్ నుంచి, కొత్త మౌల్డ్‌తో వచ్చిన మొదటి మంచి పీస్ వరకు. ‘మంచి’ అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. కొందరు మౌల్డ్ బిగించగానే టైమ్ ఆపేస్తారు, కొందరు మొదటి షాట్ పడగానే ఆపుతారు, ఇంకొందరు క్వాలిటీ వాళ్లు ఓకే చెప్పాక ఆపుతారు. ఈ మూడింటి మధ్య ఇరవై నిమిషాల తేడా సులువుగా వస్తుంది. ‘ముందు’ ఒక రకంగా, ‘తర్వాత’ ఇంకో రకంగా కొలిస్తే ఏ మార్పూ చేయకుండానే ఇరవై నిమిషాలు తగ్గినట్టు కనిపిస్తుంది. దీన్ని ఎవరూ కావాలని చేయరు. స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి మారితే చాలు, జరిగిపోతుంది.

‘ముందు’ అంకెలు లేకుండానే పని మొదలుపెట్టేశారా? “అప్పట్లో దాదాపు రెండు గంటలు పట్టేది” అని గుర్తున్న మాట రాయకండి. అందరికీ గుర్తుండేది బాగా విసిగించిన రోజే, అందుకని ఆ అంకె ఎప్పుడూ పెద్దదిగానే వస్తుంది. ప్రొడక్షన్ రిజిస్టర్‌లో పాత బ్యాచ్ ముగిసిన టైమ్, కొత్త బ్యాచ్‌ని క్వాలిటీ ఓకే చేసిన టైమ్ ఉంటాయి. మెషిన్ కంట్రోలర్‌లో సైకిల్ లాగ్ దొరికితే ఇంకా మంచిది. వాటి నుంచి వెనక్కి వెళ్లి కనీసం ఎనిమిది వారాల అంకెలు తీయండి.

ఆ ఎనిమిది వారాలు ఎక్కడి నుంచి తీసుకుంటారన్నది కూడా ముఖ్యం. చాలా ప్రాజెక్టులు బాగా చెడ్డ నెల తర్వాతే మొదలవుతాయి, అప్పుడే కదా పై నుంచి ఒత్తిడి వచ్చేది. ఆ ఒక్క నెలనే ‘ముందు’గా చూపిస్తే, ఎవరూ ఏమీ చేయకపోయినా తర్వాతి నెల దానికంటే మెరుగ్గానే ఉండేది. మామూలు వారాలు కూడా కలిసేలా తీసుకోండి.

రెండు స్తంభాల బొమ్మ సరిపోదు

సాధారణంగా అందరూ పెట్టేది రెండు కడ్డీల చార్ట్. ఎడమ పక్క 95 నిమిషాలు, కుడి పక్క 50 నిమిషాలు, మధ్యలో కిందికి దిగే బాణం. చూడటానికి బాగుంటుంది గానీ, చూసేవాళ్లకి కావలసిన సమాచారం అందులో లేదు. 95 అన్నది ఎన్ని ఛేంజ్‌ల సగటు? ఒక్కసారిగా తగ్గిందా, లేక ఆర్నెల్లుగా మెల్లగా తగ్గుతూ వస్తోందా? తగ్గాక అక్కడే నిలబడిందా?

దాని బదులు ప్రతి మౌల్డ్ ఛేంజ్‌కీ ఒక చుక్క పెట్టి, తేదీల వరుసలో గీయండి. మన ఉదాహరణలో వారానికి ఆరు ఛేంజ్‌లు. ఎనిమిది వారాలు ముందు, ఎనిమిది వారాలు తర్వాత, అంటే అటు 48 చుక్కలు, ఇటు 48 చుక్కలు. మార్పు అమలైన రోజున ఒక నిలువు గీత. ఎడమ పక్క చుక్కలు 62 నుంచి 150 దాకా చెల్లాచెదురుగా ఉంటాయి. కుడి పక్క 38 నుంచి 66 మధ్య దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి 112 దగ్గర విడిగా నిలబడి ఉంటుంది.

ఆ చుక్కను తీసేయకండి. పక్కనే చిన్న అక్షరాల్లో కారణం రాయండి: “కొత్తగా వచ్చిన మౌల్డ్, నీటి పైపు కప్లింగ్ సైజు కలవలేదు.” సగటు 50లో అది కూడా కలిసే ఉందని నోటితో చెప్పండి. చెడ్డ చుక్కను మీ అంతట మీరే చూపిస్తే మిగతా 47 చుక్కల మీద నమ్మకం కుదురుతుంది. పైగా ఆ చుక్కతో మనకు చివర్లో పని ఉంది.

ఇక్కడే రావలసిన ఇంకో ప్రశ్న, రెండు వైపులా ఒకే రకం పని జరిగిందా అన్నది. పెద్ద మౌల్డ్‌కి ఎక్కువ టైమ్, చిన్నదానికి తక్కువ టైమ్ పడుతుంది. తర్వాతి ఎనిమిది వారాల్లో అన్నీ చిన్నవే వచ్చి ఉంటే సగటు దానంతట అదే పడిపోతుంది. కాబట్టి విడగొట్టి చూపించండి. మన ఉదాహరణలో రెండు వైపులా 30 చిన్నవి, 18 పెద్దవి ఉన్నాయి. చిన్నవి 80 నుంచి 44కి, పెద్దవి 120 నుంచి 60కి తగ్గాయి. రెండు రకాల్లోనూ తగ్గింది, రెండు వైపులా వాటి సంఖ్య ఒకటే. ఈ రెండు ముక్కలు చెబితే ఆ అనుమానానికి ఇక చోటుండదు.

ఏం చేస్తే తగ్గిందో నిమిషాల్లో చూపించండి

45 నిమిషాలు తగ్గాయని చెప్పి ఊరుకుంటే అది అదృష్టమా, మీ పనా అన్నది తేలదు. ఆ 45 ఎక్కడెక్కడ తగ్గాయో చూపిస్తేనే కారణానికీ ఫలితానికీ ముడి పడుతుంది. దీనికోసం ముందు కొన్ని, తర్వాత కొన్ని ఛేంజ్‌లను వీడియో తీసి, నిమిషాలను పనుల వారీగా విడగొట్టాలి. సగటున ఇలా వచ్చిందనుకుందాం:

| పని | ముందు (ని.) | తర్వాత (ని.) |
|---|---|---|
| టూల్స్ వెతకడం, క్రేన్ కోసం ఆగడం | 22 | 4 |
| నీటి పైపులు విప్పడం, కలపడం | 16 | 7 |
| మౌల్డ్ విప్పడం, బిగించడం | 14 | 14 |
| మౌల్డ్ వేడెక్కే దాకా ఆగడం | 23 | 9 |
| ట్రయల్ షాట్లు, క్వాలిటీ ఓకే | 20 | 16 |
| మొత్తం | 95 | 50 |

ఈ టేబుల్ పక్కన మూడు ఫోటోలు చాలు. టూల్స్, క్లాంపులు అన్నీ ఒకే చోట ఉన్న ట్రాలీ, నీటి పైపులకు పెట్టిన క్విక్ కప్లింగులు, మెషిన్ పక్కనే మౌల్డ్‌ను ముందుగా వేడి చేసే యూనిట్. ఏ ఫోటో ఏ వరుసను తగ్గించిందో చూసేవాళ్లు వాళ్లంతట వాళ్లే కలుపుకుంటారు.

దీని వెనక ఉన్న ఆలోచన పాతదే. జపాన్‌కు చెందిన షిగెయో షింగో దీనికి ఒక పద్ధతిగా రూపం ఇచ్చారు. మెషిన్ ఆగితేనే చేయగల పనులు కొన్ని, మెషిన్ నడుస్తుండగానే చేసుకోగల పనులు కొన్ని. రెండో రకాన్ని బయటికి లాగేస్తే ఆగే సమయం తగ్గుతుంది. మౌల్డ్ బయటే వేడెక్కితే మెషిన్ దాని కోసం ఎదురుచూడక్కర్లేదు.

బిగించడం 14 దగ్గరే ఉండిపోయిందన్నది దాచకండి. “ఇది ఇంకా ముట్టుకోలేదు” అని చెప్పండి.

పనిని బయటికి లాగామంటే, ఆ పని ఎవరో చేస్తున్నారన్నమాట. కాబట్టి మనుషుల నిమిషాలు కూడా చెప్పాలి. ముందు ఇద్దరు మనుషులు 95 నిమిషాలు, అంటే 190 నిమిషాలు. ఇప్పుడు ఇద్దరు 50 నిమిషాలు, దానికి తోడు ఒకరు ముందుగా అరగంట సర్దుతున్నారు, అంటే 130. భారం ఒకరి నెత్తి మీది నుంచి తీసి ఇంకొకరి నెత్తిన పెట్టలేదని దీంతో తేలుతుంది. ఆ కాలంలో మౌల్డ్ దెబ్బతినడం, చెయ్యి కాలడం, ఛేంజ్ అయ్యాక మొదటి గంటలో రిజెక్షన్ పెరగడం లాంటివి జరిగాయా లేదా అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పండి. టైమ్ తగ్గించే పని ఏదైనా చెడగొడితే అది ఎక్కువగా ఈ మూడింటినే.

డబ్బు లెక్క

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటికి వద్దాం.

45 నిమిషాలు, వారానికి 6 సార్లు, అంటే వారానికి నాలుగున్నర గంటలు. ఏడాదికి 50 పని వారాలు వేసుకుంటే 225 గంటలు. అకౌంట్స్ వాళ్లను మెషిన్ గంట రేటు అడిగితే 1,200 అన్నారనుకోండి. గుణిస్తే 2,70,000. చాలా ప్రెజెంటేషన్లలో ‘ఆదా’ కింద కనిపించేది ఇలాంటి లెక్కే.

ఆ 1,200లో ఏముందో విప్పి చూడండి. మెషిన్ తరుగుదల, బిల్డింగ్ ఖర్చు, సూపర్‌వైజర్ జీతం, కరెంటు, ఆపరేటర్ కూలి. మెషిన్ 225 గంటలు తక్కువ ఆగినంత మాత్రాన తరుగుదల తగ్గదు. బిల్డింగ్ అద్దె తగ్గదు. సూపర్‌వైజర్ జీతం అంతే ఉంటుంది. అంటే ఆ రేటులో చాలా భాగం మీరు ఏం చేసినా కంపెనీ కడుతూనే ఉంటుంది. ఖాళీ అయిన గంట దానంతట అది డబ్బు కాదు. అది డబ్బుగా మారడానికి రెండే దారులున్నాయి: ఆ గంట వల్ల మనం కట్టే ఏదో ఒక బిల్లు తగ్గాలి, లేదా ఆ గంటలో తయారైన అదనపు సరుకు అమ్ముడుపోవాలి.

కాబట్టి గంటలతో కాకుండా బిల్లులతో మొదలుపెట్టండి. మార్పు తర్వాత ఏ బిల్లు తగ్గింది?

మన ఉదాహరణలో మొదటిది ఓవర్‌టైమ్. ఛేంజ్‌లు ఆలస్యమై ఈ మెషిన్ మీద వారానికి సగటున 4 గంటల ఓవర్‌టైమ్ నడిచేది, ఇప్పుడు 1 గంట. తగ్గిన 3 గంటలు, ఇద్దరు మనుషులు, 50 వారాలు, కలిపి 300 మనిషి గంటలు. ఓవర్‌టైమ్ రేటు గంటకు 250 అయితే 75,000. ఈ అంకెకు సాక్ష్యం పేరోల్ షీట్.

రెండోది స్క్రాప్. మౌల్డ్ సరిగా వేడెక్కకముందే వేసిన షాట్లు పారేయాల్సి వచ్చేది. ఛేంజ్‌కి 6 కిలోలు పోయేది, ఇప్పుడు మూడున్నర. రెండున్నర కిలోల చొప్పున ఏడాదికి 300 ఛేంజ్‌లకు 750 కిలోలు. మెటీరియల్ ధర కిలో 90 అని వెంటనే గుణించేయకండి. ఆ స్క్రాప్‌ను గ్రైండ్ చేసి మళ్లీ వాడుతున్నారు, దాని విలువ కిలోకు 40. అంటే కిలోకు నిజంగా పోయేది 50 మాత్రమే. 37,500 వస్తుంది.

రెండూ కలిపితే 1,12,500. ఇందులోంచి కొత్తగా పెరిగిన ఖర్చు తీసేయాలి: హీటింగ్ యూనిట్‌కి కరెంటు, కప్లింగులకు మార్చే సీళ్లు, ఏడాదికి 12,500. మిగిలేది 1,00,000. ట్రాలీ, కప్లింగులు, హీటింగ్ యూనిట్ కొనడానికి ఒక్కసారి పెట్టిన ఖర్చు 60,000. అంటే పెట్టుబడి దాదాపు ఏడు నెలల్లో తిరిగొస్తుంది, మొదటి ఏడాది చేతికి మిగిలేది 40,000. అరగంట సర్దే మనిషికి విడిగా కూలి ఎందుకు వేయలేదని అడుగుతారు. షిఫ్ట్‌లో ఉన్న మనిషే చేస్తున్నారు, అదనంగా ఎవరినీ పెట్టలేదు, మొత్తం మనిషి నిమిషాలు ముందుకంటే తగ్గాయి. అందుకోసం ఒక మనిషిని కొత్తగా పెట్టి ఉంటే ఆ జీతం ఇక్కడ తీసేయాల్సిందే.

మరి 225 గంటల సంగతి? అందులో 150 గంటలు ఓవర్‌టైమ్ తగ్గడం రూపంలో ఇప్పటికే లెక్కలోకి వచ్చేశాయి (వారానికి 3, 50 వారాలు). వాటిని ఇంకోసారి మెషిన్ గంటలుగా డబ్బు కడితే ఒకే గంటను రెండుసార్లు అమ్మినట్టవుతుంది. మిగిలిన 75 గంటలను గంటలుగానే చూపించండి: “ఈ మెషిన్ మీద ఏడాదికి 75 గంటల కెపాసిటీ ఖాళీ అయింది, ఆర్డర్లు వస్తే వాడుకోవచ్చు.” మెషిన్ బాటిల్‌నెక్ అయి, బయట ఆర్డర్లు వేచి ఉంటే అప్పుడు లెక్క మారుతుంది. ఆ గంటల్లో తయారయ్యే సరుకు అమ్మకపు ధరలోంచి మెటీరియల్ లాంటి అదనపు ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని లాభంగా చూపించవచ్చు. అయితే ఆ ఆర్డర్లు నిజంగా ఉన్నాయని సేల్స్ వాళ్లు చెప్పాలి, మీరు కాదు.

2,70,000 చెప్పాల్సిన చోట 1,00,000 చెప్పడానికి మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. కానీ ఆ లక్షను పేరోల్‌లోనూ, స్టోర్స్ రికార్డులోనూ వేలు పెట్టి చూపించగలరు. మీటింగ్‌కి రెండు రోజుల ముందే ఫైనాన్స్‌లో ఒకరి దగ్గర కూర్చుని ఈ లెక్క చూపించండి. వాళ్లు ఏదైనా రేటు మార్చమంటే మార్చండి. స్లైడ్ మీద “లెక్క ఫైనాన్స్‌తో సరిచూసుకున్నాం” అన్న ఒక్క లైను ఉంటే గదిలో చర్చ అంకెల మీద ఆగిపోకుండా ముందుకు సాగుతుంది. ఓవర్‌టైమ్, స్క్రాప్ అంకెలు ఎనిమిది వారాల నుంచి ఏడాదికి సాగదీసినవని కూడా అక్కడే రాయండి. ఆరు నెలలకు అసలు అంకెతో మళ్లీ వస్తామని తేదీ చెప్పండి.

లాభం జారిపోకుండా ఉండటానికి ఏం అడగాలి

మౌల్డ్ ఛేంజ్ టైమ్ ఒక్క రోజులో పాత స్థితికి వెళ్లదు. నెలాఖరు హడావిడిలో ఒకసారి ట్రాలీ సర్దకుండా మెషిన్ ఆపేస్తారు. పక్క మెషిన్ వాళ్లు ఒక స్పానర్ తీసుకుంటారు, అది తిరిగి రాదు. ఒక కప్లింగ్ లీకైతే స్పేర్ లేక పాత క్లిప్ వేస్తారు. మూడు నెలలకు 50 కాస్తా 70 అవుతుంది, ఎప్పుడు అయిందో ఎవరికీ తెలియదు. ‘ట్రైనింగ్ ఇచ్చాం, ఎస్‌ఓపీ రాశాం’ అన్న స్లైడ్ వీటిలో దేన్నీ ఆపలేదు.

ఆపగలిగేది, టైమ్ పెరగకముందే కనిపించే ఒక గుర్తు. ఇక్కడ ఆ గుర్తు ముందస్తు సర్దుబాటు. మెషిన్ ఆగేసరికి ట్రాలీ నిండుగా, మౌల్డ్ వేడిగా, క్రేన్ ఖాళీగా ఉందా? ప్రతి ఛేంజ్‌కీ అవును లేదా కాదు అని షీట్ మీద ఒక టిక్. వారంలో ఆరింటికి రెండు ‘కాదు’లు వచ్చాయంటే టైమ్ ఇంకా బాగానే ఉన్నా అప్పుడే మాట్లాడాలి. ట్రాలీ మీద ప్రతి టూల్‌కీ దాని ఆకారంలో గాడి ఉంటే ఏది లేదో దూరం నుంచే కనబడుతుంది.

రెండోది, ముందు చూపించిన చుక్కల చార్టే మెషిన్ దగ్గర కొనసాగాలి, ఈసారి ఒక హద్దు గీతతో. హద్దును అందాజాగా గీయకండి. చిన్న మౌల్డ్‌లకు సగటు 44. వరుసగా వచ్చే రెండు ఛేంజ్‌ల మధ్య తేడాలన్నీ, పెరిగిందా తగ్గిందా అని చూడకుండా, తీసి సగటు కడితే 5 వచ్చిందనుకుందాం. దాన్ని ఇలాంటి చార్టుల హద్దులకు వాడే స్థిరమైన అంకె 2.66తో గుణిస్తే 13.3, సగటుకు కలిపితే దాదాపు 57. ఒక చుక్క 57 దాటితే, లేదా వరుసగా ఎనిమిది చుక్కలు 44 పైనే ఉంటే, ఏదో మారిందని అర్థం. 44కీ 57కీ మధ్య ఒకటీ అరా అటూ ఇటూ పడితే ఎవరినీ పిలిచి అడగకండి. అది మామూలు ఊగిసలాటే. దాని మీద అరిస్తే మనుషులు టైమ్ రాయడంలో తేడా చేస్తారు, చార్ట్ ఎందుకూ పనికిరాకుండా పోతుంది. పెద్ద మౌల్డ్‌లకు విడిగా చార్ట్ పెట్టి, అక్కడ హద్దు కట్టేటప్పుడు కారణం తెలిసిన ఆ 112ను పక్కన పెట్టండి. లేకపోతే హద్దు మరీ పైకి పోయి ఏ తప్పునూ పట్టుకోదు.

హద్దు దాటితే ఎవరు ఏం చేయాలో అదే షీట్ కింద రాసి ఉండాలి. షిఫ్ట్ సూపర్‌వైజర్ అదే షిఫ్ట్‌లో కారణం రాస్తారు. ఒకే కారణం రెండోసారి వస్తే మెయింటెనెన్స్ వాళ్లు స్పేర్ సంగతి చూస్తారు. ఇక్కడ బాధ్యత ప్రాజెక్ట్ లీడర్ పేరు మీద ఉండకూడదు. ఆయన వచ్చే నెల ఇంకో పనికి వెళ్లిపోతారు. రోజూ ఆ మెషిన్ దగ్గర ఉండే మనిషి పేరే ఉండాలి, ఆయన మీటింగ్‌లో ఉండి ఒప్పుకుని ఉండాలి.

ఇక ఆ 112 చుక్క దగ్గరికి వద్దాం. ఆ రోజు ఆపరేటర్లు చేసిన తప్పేమీ లేదు. మౌల్డ్ కొన్నప్పుడు కప్లింగ్ సైజు ఆర్డర్‌లో రాయలేదు, అంతే. వచ్చే ప్రతి కొత్త మౌల్డ్‌తోనూ ఇదే జరుగుతుంది, అది షాప్ ఫ్లోర్ చేతిలో లేదు. కాబట్టి ఆఖరి స్లైడ్‌లో ధన్యవాదాల బదులు మీకు కావలసిన నిర్ణయాలు పెట్టండి. మౌల్డ్ కొనుగోలు స్పెసిఫికేషన్‌లో కప్లింగ్ సైజు, బిగించే ప్లేటు మందం తప్పనిసరి చేయాలి. హీటింగ్ యూనిట్‌ను నెలవారీ మెయింటెనెన్స్ జాబితాలో చేర్చాలి. స్టోర్స్‌లో రెండు సెట్ల సీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఒక్కోదాని పక్కన ఎవరు ఒప్పుకోవాలో వాళ్ల హోదా, ఎప్పటికి కావాలో తేదీ రాసి, గదిలోంచి లేచేలోపే అవును, కాదు అడిగి రాసుకోండి.